ధర్మాబాద్ గిర్నీకి రెండు నంబర్లు, బాసర దుకాణానికి వేరే లెక్క

*సార్, నమస్తే. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం, ఇంట్లో తెలుగే. 2022 జూలైలో నా ఒక్కడి పేరు మీద జీఎస్టీ తీసుకుని కారం గిర్ని పెట్టాను. గుమస్తా ఒకరు, మిల్లు దగ్గర ముగ్గురు మగవాళ్లు, ప్యాకింగ్‌కు ఇద్దరు ఆడవాళ్లు. గుమస్తా జీతం మొదట 15,000, ఇప్పుడు 18,000. మిల్లు వాళ్లకు మొదట 9,000 ఇచ్చేవాణ్ణి, 2024 ఏప్రిల్ నుంచి 11,000. ప్యాకింగ్ వాళ్లకు ఇప్పుడు 9,500. మిర్చి సీజన్‌లో ఇంకో పదిమంది రోజు కూలికి వస్తారు. 2024 ఏప్రిల్‌లో బాసరలో దుకాణం తెరిచి, దానికి తెలంగాణ జీఎస్టీ తీసుకున్నాను. అక్కడ ఒక అబ్బాయికి 16,000, ఒక అమ్మాయికి 12,000. ఏడాది అమ్మకం 32 లక్షలు. మా గుమస్తా ఉండేది బాసరలోనే, రోజూ ఇక్కడికి వచ్చి వెళ్తాడు.*

*2025 ఆగస్టులో మహారాష్ట్ర శాఖ నుంచి ప్రొఫెషనల్ టాక్స్ నోటీసు వచ్చింది. నేను ఇంతవరకు ఎవరి జీతంలోనూ కోయలేదు. నిజామాబాద్ బావగారు "15 వేల లోపు జీతానికి ఏమీ ఉండదు, వదిలేయ్" అంటారు. ఇక్కడి ఏజెంటు రెండు నంబర్లు తీయాలి, 20,000 అవుతుంది అంటాడు. గుమస్తాను బాసర దుకాణం లెక్కలో రాసేస్తే పోతుందని ఇంకొకరు. ఒకే మనిషి రెండు రాష్ట్రాలకు ఎందుకు కట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.*

*— పేరు వద్దు, ధర్మాబాద్*

మీ బావగారు చెప్పింది తప్పు కాదు. కాకపోతే అది బాసరలో నిజం, ధర్మాబాద్‌లో కాదు. మీకు వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి ముందు దాన్ని విడదీస్తాను.

ఇన్‌కమ్ టాక్స్ ఢిల్లీది. ఈ వృత్తి పన్ను రాష్ట్రాలది. రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 60వ అంశం ఇదే. 276వ అధికరణం ఒక్క గీత మాత్రం గీసింది: ఒక మనిషి దగ్గర ఒక రాష్ట్రం ఏడాదికి 2,500 రూపాయలకు మించి తీసుకోకూడదు. మొదట ఆ హద్దు 250. 1988లో 60వ సవరణతో 2,500 అయింది, ఆ తర్వాత మారలేదు. ఆ గీత లోపల ఎవరి మీద వేయాలి, ఏ జీతం నుంచి మొదలుపెట్టాలి, అసలు వేయాలా వద్దా అన్నది ఆయా శాసనసభల ఇష్టం. ఢిల్లీలో, ఉత్తరప్రదేశ్‌లో ఈ పన్నే లేదు. తమిళనాడులో మున్సిపాలిటీలు, పంచాయతీలు ఆరునెలలకోసారి వసూలు చేస్తాయి. మహారాష్ట్ర 1975లో చట్టం చేసుకున్నది ఉపాధి హామీ పథకానికి డబ్బు కావాలని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లో వేరే చట్టం చేసుకుంది, తెలంగాణ ఇప్పటికీ దాన్నే నడుపుతోంది.

అందుకే మీ మిల్లులో 11,000 తీసుకునే మనిషికి మహారాష్ట్రలో పూర్తి పన్ను పడుతుంది. అదే మనిషి అదే జీతానికి బాసరలో పనిచేస్తే రూపాయి కూడా ఉండదు. తెలంగాణలో 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా నెలకు 150, ఆపైన 200. మహారాష్ట్రలో మగవాళ్లకు 7,500 దాకా ఏమీ లేదు, 10,000 దాకా నెలకు 175, ఆపైన 200, ఫిబ్రవరిలో మాత్రం 300. ఆ 300 ఎందుకంటే పదకొండు నెలలు రెండొందలు, ఒక నెల మూడొందలు కలిపితే సరిగ్గా 2,500 వస్తుంది. తెలంగాణ ఆ సర్దుబాటు పెట్టుకోలేదు, అక్కడ పెద్ద జీతగాడు కూడా ఏడాదికి 2,400 దగ్గరే ఆగిపోతాడు. రాయగడలో ఉండే మన తెలుగువాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. ఒడిశా ఏడాది జీతం చూస్తుంది, 1,60,000 దాటితేనే మొదలవుతుంది.

మీ ప్యాకింగ్ ఆడవాళ్ల గురించి దిగులు వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి మహారాష్ట్రలో ఆడవాళ్లకు నెలకు 25,000 దాకా పన్ను లేదు. అంతకుముందు ఆ హద్దు 10,000, మీరిచ్చింది దానికీ లోపలే. ఇలాంటి తేడా తెలంగాణలో లేదు, అక్కడ ఆడామగా ఒకటే లెక్క.

ఇక ఒకే మనిషి రెండు రాష్ట్రాలకు కట్టడం. ఇది మీరు ఎక్కడ ఉంటారన్న దాని మీద పడే పన్ను కాదు, ఎక్కడ పని చేస్తారన్న దాని మీద పడేది. 2,500 హద్దు కూడా ఒక్కో రాష్ట్రానికి విడివిడిగా ఉంటుంది. గిర్ని యజమానిగా మీరు మహారాష్ట్రకు, దుకాణం యజమానిగా తెలంగాణకు బాకీ ఉంటారు. ఇది న్యాయమా అంటే నాకూ సందేహమే, కానీ చట్టం అలాగే ఉంది. మీ గుమస్తాకు మాత్రం ఒక్కటే వర్తిస్తుంది. నిద్రపోయేది బాసరలో అయినా జీతం ధర్మాబాద్ గిర్నిలో కూర్చుని సంపాదిస్తున్నాడు కాబట్టి మహారాష్ట్రదే. అతన్ని బాసర లెక్కలో రాస్తే నెలకు యాభై రూపాయలు మిగులుతాయి. ఆ యాభై కోసం అతని హాజరు, బ్యాంకులో పడే జీతం, గిర్ని బిల్లుల మీద అతని సంతకం అన్నీ ఒక కథ చెబుతుంటే మీ రిజిస్టర్ ఇంకో కథ చెబుతుంది. ఆ దారి వద్దనే నా మాట.

ఇప్పుడు ఆ రెండు నంబర్లు. ఏజెంటు ఈ విషయంలో అబద్ధం చెప్పలేదు. మహారాష్ట్రలో మీరు రెండు వేషాల్లో ఉన్నారు. జీతాలిచ్చే యజమానిగా తీసుకోవాల్సింది పీటీఆర్‌సీ. అంటే పనివాళ్ల పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే నంబరు. వ్యాపారం చేసే మనిషిగా మీ సొంత పన్ను కట్టడానికి తీసుకోవాల్సింది పీటీఈసీ. జీఎస్టీ ఉన్న వ్యాపారికి ఇది లాభనష్టాలతో పని లేకుండా ఏడాదికి 2,500, జూన్ 30 లోపు. మీది ఒక్కరి పేరు మీద ఉంది కాబట్టి ఒక్కటి చాలు. భాగస్వామ్యం అయి ఉంటే ఒక్కో పార్ట్‌నర్ విడిగా తీసుకోవాల్సి వచ్చేది. ఆడపిల్ల పేరో, ఇల్లాలి పేరో ఊరికే పార్ట్‌నర్‌గా పెట్టుకున్నవాళ్లు ఇది తెలియక తర్వాత చిక్కుల్లో పడుతుంటారు.

ఏజెంటు 20,000 మాటకు వస్తే, రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. ఆ మొత్తంలో పన్ను ఎంత, అతని కూలి ఎంత అని కాగితం మీద రాసి ఇమ్మనండి. రాసివ్వనంటే వేరే మనిషిని చూసుకోండి.

మీ లెక్క నేను వేశాను. నోటీసు పీటీఈసీ గురించే అయి ఉంటుంది, ఎందుకంటే జీఎస్టీ పేర్ల జాబితాను వృత్తి పన్ను జాబితాతో పోల్చి చూస్తే దొరికేది అదే. 2022-23 నుంచి 2025-26 వరకు నాలుగేళ్లు, ఏడాదికి 2,500 చొప్పున 10,000. వడ్డీ నెలకు 1.25 శాతం చొప్పున వేసుకుంటే ఆగస్టు చివరికి దాదాపు 2,440. ఆలస్యం ఎక్కువైన కొద్దీ రేటు పెరగొచ్చు కాబట్టి దీన్ని కనీసం అనుకోండి. నమోదు ఆలస్యానికి రోజుకు రెండు రూపాయల జరిమానా వేసే అధికారం కూడా అధికారికి ఉంది. మూడేళ్లకు అది రెండు వేలు దాటుతుంది. కానీ వేయడానికి ముందు మీ మాట వినాలి. నోటీసుకు మీరే జవాబిచ్చి నమోదు చేసుకున్నారన్నది అక్కడ మీకు పనికొస్తుంది.

అసలు బరువు పీటీఆర్‌సీ వైపు ఉంది, దాని గురించి మీకు ఎవరూ చెప్పలేదు. గుమస్తాకు 2022 జూలై నుంచి ఈ జూలై దాకా 37 నెలలు, నెలకు 200 చొప్పున 7,400. మధ్యలో మూడు ఫిబ్రవరులు వచ్చాయి కాబట్టి ఇంకో 300. మొత్తం 7,700. మిల్లు దగ్గర ముగ్గురికి 9,000 జీతం ఉన్న 21 నెలలకు 175 చొప్పున 11,025. 11,000 అయ్యాక 16 నెలలకు, ఒక ఫిబ్రవరి కలుపుకుని, ఒక్కొక్కరికి 3,300 అంటే ముగ్గురికి 9,900. అన్నీ కలిపితే 28,625, వడ్డీ కాకుండా. యజమాని రిజిస్ట్రేషన్ ఆలస్యానికి జరిమానా రోజుకు ఐదు రూపాయల లెక్క.

ఈ డబ్బు ఎవరు కట్టాలి? నెలనెలా కోసి ఉంటే పనివాళ్లది అయ్యేది. కానీ చట్టం ఏమంటుందంటే, జీతం ఇచ్చేటప్పుడు కోసినా కోయకపోయినా కట్టాల్సిన బాధ్యత యజమానిదే. మూడేళ్ల బకాయిని ఇప్పుడు 11,000 జీతగాడి దగ్గర కోయాలనుకుంటే అతను వేలల్లో పోగొట్టుకుంటాడు. పాతది మీరు భరించండి, వచ్చే జీతం నుంచి నెలనెలా కోయండి, కోసింది జీతం చీటీలో రాయండి. రెండొందలు తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందో వాళ్లకు ముందే చెప్పండి. లేకపోతే ఆ రెండొందలు మీరు తిన్నారని అనుకుంటారు.

జీతాన్ని చీల్చి 7,400 మూలవేతనం, మిగతాది భత్యం అని రాయమని ఎవరైనా సలహా ఇస్తే నమ్మొద్దు. క్రమంగా ఇచ్చే భత్యాలన్నీ జీతంలోనే కలుస్తాయి. సీజన్‌లో వచ్చే పదిమంది సంగతి వేరు. అప్పుడప్పుడు వచ్చి రోజు కూలి తీసుకునేవాళ్లను మహారాష్ట్ర చట్టం ఈ పన్ను లెక్కలోకి తీసుకోదు. వాళ్ల పేర్లు, వచ్చిన రోజులు, ఇచ్చిన కూలి వేరే పుస్తకంలో ఉంచండి. అదే మాట పట్టుకుని మిల్లు వాళ్లను కూడా రోజు కూలీలంటే చెల్లదు. ఏడాది పొడవునా వాళ్ల హాజరు పట్టీ మీ దగ్గరే ఉంది కదా.

బాసర లెక్క చిన్నది. అబ్బాయికి 16,000 కాబట్టి నెలకు 150. దుకాణం తెరిచిన ఏప్రిల్ నుంచి ఈ జూలై దాకా 16 నెలలకు 2,400. అమ్మాయికి ఏమీ లేదు. మీ సొంత పన్ను అక్కడ మహారాష్ట్రలా ఒకే మొత్తం కాదు, అమ్మకాన్ని బట్టి ఉంటుంది. 10 లక్షల లోపు ఏమీ లేదు, 10 నుంచి 50 లక్షల వరకు 1,250, ఆపైన 2,500. మీ 32 లక్షలకు ఏడాదికి 1,250 చొప్పున రెండేళ్లకు 2,500. అక్కడ కూడా యజమానిగా ఒకటి, వ్యాపారిగా ఒకటి నమోదు ఉండాలి. మహారాష్ట్ర నంబరు అక్కడ చెల్లదు, అక్కడిది ఇక్కడ చెల్లదు. అబ్బాయి జీతం పన్ను ప్రతి నెలా తర్వాతి నెల పదో తేదీకి కట్టాలి.

మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, నోటీసు వచ్చిన పీటీఈసీ ఒక్కటి తీసుకుని, 12 వేల పైచిలుకు కట్టి, మిగతాది ఎవరైనా అడిగినప్పుడు చూద్దామనుకోవడం. ఊళ్లో చాలామంది చేసేది ఇదే. చేతికి ఇప్పుడు తేలిక. కానీ మీ ఆదాయపు పన్ను లెక్కల్లో జీతాల ఖర్చు చూపిస్తూనే ఉంటారు. ఏ రోజైనా ఆ అంకె పట్టుకుని పీటీఆర్‌సీ ఎక్కడ అని అడిగితే అప్పటికి ఏటా పది వేల చొప్పున పెరిగిన బకాయి, దాని వడ్డీ, రోజుకు ఐదు రూపాయలు మీ నెత్తిన పడతాయి.

రెండోది, రెండు నంబర్లూ ఇప్పుడే, ఉన్న తేదీలతోనే తీసుకోవడం. దాదాపు 41 వేలు, పీటీఆర్‌సీ వైపు వడ్డీ అదనం. బాధగానే ఉంటుంది. గిర్ని నడిపే పెట్టుబడిలోంచి ఒక్కసారిగా తీయలేకపోతే ముందు పీటీఈసీ మొత్తం కట్టి, పీటీఆర్‌సీ దరఖాస్తు అదే వారం పెట్టి, పాత బకాయిని ఏ కాలానికి ఏ చలానాతో ఎలా కట్టాలో నాందేడ్ రాష్ట్ర పన్నుల కార్యాలయానికి రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు పెట్టిన రోజుతో రోజువారీ జరిమానా లెక్క ఆగిపోతుంది, అదే మీకు వెంటనే వచ్చే లాభం. నేనైతే ఈ దారి వైపే మొగ్గుతాను.

మూడోది, దరఖాస్తులో వ్యాపారం ఈ నెలే మొదలైనట్టు రాయడం. ఏజెంట్లు దీన్ని తెలివిగా చేసిపెడతామంటారు. మీ జీఎస్టీ సర్టిఫికెట్ మీదే 2022 జూలై అని ఉంది, నోటీసు వచ్చింది కూడా దాన్ని చూసే. ఇక్కడ ఆలస్యం తప్పుకి తోడు తప్పుడు సమాచారం ఇచ్చిన తప్పు కలుస్తుంది.

మాఫీ పథకం వస్తుందని ఆగుతున్నవాళ్లు కూడా ఉన్నారు. మహారాష్ట్ర 2022లో, 2023లో అలాంటివి తెచ్చిన మాట నిజమే. కానీ అవి 2017 జూన్ 30 దాకా ఉన్న పాత బకాయిలకు. మీ బకాయి మొదలైందే 2022లో.

దరఖాస్తుకు ముందు mahagst.gov.in లో Know Your Taxpayer అన్న చోట మీ పాన్ పెట్టి చూడండి. మీకు తెలియకుండానే నంబరు వచ్చి ఉంటే రెండోది తీసుకోవడం ఇంకో తలనొప్పి. మీ చేతికి వచ్చిన నోటీసు నిజమైనదేనా అన్నది కూడా అదే కార్యాలయంలో నోటీసు సంఖ్య చెప్పి అడగండి, ఏజెంటు ఫోన్‌లో చూపించిన ఫొటోను నమ్ముకోవద్దు.

నంబర్లు వచ్చాక జరిగే పొరపాటు ఒకటుంది. పీటీఈసీ నంబరు 99తో, పీటీఆర్‌సీ నంబరు 27తో మొదలవుతాయి, రెండింటి చివరా P ఉంటుంది. చలానా కట్టేటప్పుడు ఏ చట్టం కింద అని అడిగే చోట ఒకదానికి బదులు ఇంకోటి ఎంచుకుంటే డబ్బు వేరే ఖాతాలో పడుతుంది. నా దగ్గరికి వచ్చే ఒక కిరాణా ఆయన మూడేళ్లు వరసగా తన 2,500 ను పీటీఆర్‌సీ ఖాతాలో కట్టాడు. చేతిలో మూడు చలానాలు పెట్టుకుని కూడా, కట్టలేదన్న నోటీసు అందుకున్నాడు. దాన్ని సరిచేయించడానికి పట్టినంత కాలం మొదటి నమోదుకు కూడా పట్టలేదు.

పీటీఆర్‌సీకి రిటర్ను కూడా వేయాలి, చలానా కడితే సరిపోదు. మొదటి ఏడాది నెలనెలా వేయాలి. తర్వాత మీ పన్ను ఏడాదికి లక్ష లోపే కాబట్టి మార్చి నుంచి ఫిబ్రవరి దాకా జీతాలకు ఒకే రిటర్ను, మార్చి 31 లోపు. ఆలస్యమైతే ఒక్కో రిటర్నుకు 1,000 లేటు ఫీజు, మొదటి ముప్పై రోజుల్లో వేస్తే 200. మీ గుమస్తాకు ఈ పని అప్పజెప్పేటప్పుడు అతని సొంత రెండొందలు కూడా అందులో ఉన్నాయని గుర్తు చేయండి, తేదీ మర్చిపోడు.

మీ అమ్మకం, జీతాల అంకెలు మీరు రాసినవే పట్టుకుని లెక్క వేశాను. ఎవరైనా మధ్యలో మానేసి ఉంటే, ఏదైనా నెల తక్కువ ఇచ్చి ఉంటే ఆ నెల శ్లాబు మారుతుంది, కాబట్టి హాజరు పట్టీ ముందు పెట్టుకుని నెలనెలా మళ్లీ కూడుకోండి. మీ వయసు రాయలేదు. 65 దాటి ఉంటే మహారాష్ట్ర మీ సొంత 2,500 అడగదు. అప్పుడు నోటీసుకు జవాబుగా వయసు రుజువు పంపితే చాలు, పనివాళ్ల లెక్క మాత్రం అలాగే ఉంటుంది.